క్రమాంకం 1.15, 1.24 వచ్చింది: డిస్కషన్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: పర్‌సల్ఫేట్–అయొడైడ్ క్లాక్ చర్య చేశాం. తొలి రేట్ల పద్ధతిలో లెక్కవేస్తే అయొడైడ్‌కి 1.15, పర్‌సల్ఫేట్‌కి 1.24 వచ్చాయి. రెండూ 1కి దగ్గరే కదా అని 1, 1 అని రాసి, "మానవ తప్పిదం వల్ల స్వల్ప తేడా వచ్చింది" అని డిస్కషన్ ముగించాను. మేడమ్ మళ్లీ రాసుకు రమ్మన్నారు. ఏం రాయాలి? స్టాక్ ద్రావణాలు: KI 0.20 M, అమ్మోనియం పర్‌సల్ఫేట్ 0.10 M. ప్రతి రన్‌లోనూ 0.0050 M సోడియం థయోసల్ఫేట్ 10 మి.లీ., కొన్ని చుక్కల స్టార్చ్. మొత్తం 50 మి.లీ. సమయాలు ఒక్కొక్కటి మూడుసార్లు చూశాం, సెకను అటూ ఇటూగా వచ్చాయి.

| రన్ | KI (మి.లీ.) | పర్‌సల్ఫేట్ (మి.లీ.) | నీళ్లు (మి.లీ.) | నీలం రావడానికి పట్టిన సమయం (సె.) |
|---|---|---|---|---|
| 1 | 20 | 20 | 0 | 36 |
| 2 | 10 | 20 | 10 | 80 |
| 3 | 20 | 10 | 10 | 85 |

సమాధానం:

మీ రీడింగులు బాగున్నాయి. సమస్య స్టాప్‌వాచ్‌లో లేదు, పట్టికలో "నీళ్లు" అన్న వరుసలో ఉంది. అది ఎలా తెలుస్తుందో ఒక్కో మెట్టూ చెబుతాను, ఎందుకంటే ఆ మెట్లే మీ డిస్కషన్.

ముందు ఒక విషయం బాగా పట్టుకోవాలి. ఈ పద్ధతిలో క్రమాంకం అనేది రెండు రన్‌ల నిష్పత్తి నుంచి వస్తుంది. అయొడైడ్ గాఢత సగం చేస్తే సమయం 36 నుంచి 80కి పెరిగింది. కాబట్టి క్రమాంకం ln(80/36) ÷ ln 2, అంటే 1.15. నిష్పత్తి కాబట్టి, రెండు రన్‌లనీ ఒకే మోతాదులో తప్పించే పొరపాటు ఏదైనా పైనా కిందా కొట్టుకుపోతుంది. థయోసల్ఫేట్ స్టాక్ 0.0050కి బదులు 0.0047 ఉందనుకోండి, మీ రేట్లన్నీ ఒకే శాతం తప్పుతాయి, రేటు స్థిరాంకం k తప్పుతుంది, క్రమాంకం మాత్రం కదలదు. రేటు లెక్కలో ఒక అయొడిన్ అణువుకి రెండు థయోసల్ఫేట్ అయాన్లు ఖర్చవుతాయని మరచిపోయి 2తో భాగించకపోయినా అంతే: k రెట్టింపవుతుంది, క్రమాంకం అలాగే ఉంటుంది. KI స్టాక్ నిజంగా 0.19 అయినా సరే, సగం సగమే కదా.

నేను దిద్దిన రికార్డుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దారి తప్పేవి. "ద్రావణాల తయారీలో లోపం ఉండవచ్చు, అందువల్ల క్రమాంకం పూర్ణాంకం రాలేదు" అని రాసేవారు. స్టాక్ గాఢతలో లోపం క్రమాంకాన్ని మార్చలేదు. క్రమాంకం చెడాలంటే ఒక రన్‌కీ ఇంకో రన్‌కీ మధ్య మనం అనుకోనిది ఏదో మారి ఉండాలి. అయొడైడ్ ఒక్కటే మార్చాం అనుకున్నాం. దాంతోపాటు ఇంకేం మారింది? మీ డిస్కషన్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నకి జవాబుగా సాగాలి.

ఆ ప్రశ్న వేసే హక్కు మనకు ఉందో లేదో ముందు చూసుకోవాలి. 1.15కీ 1కీ తేడా నిజమైన తేడానా, లేక రీడింగుల ఊగిసలాటేనా? సమయంలో సెకను అటూ ఇటూ అంటే 36లో అది 2.8 శాతం, 80లో 1.25 శాతం. రెండూ స్వతంత్రమైన లోపాలు కాబట్టి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే నిష్పత్తిలో అనిశ్చితి దాదాపు 3 శాతం వస్తుంది. క్రమాంకంలో అనిశ్చితి కావాలంటే దాన్ని ln 2తో, అంటే 0.693తో భాగించాలి:

```
0.030 / 0.693 = 0.044
```

కాబట్టి మీ ఫలితాలు 1.15 ± 0.04, 1.24 ± 0.04. మొదటిది 1 నుంచి మూడు రెట్ల అనిశ్చితి కంటే ఎక్కువ దూరంలో ఉంది, రెండోది అయిదు రెట్ల కంటే ఎక్కువ దూరంలో ఉంది. దీన్ని 1కి సవరించి "స్వల్ప తేడా" అనడం కుదరదు. మీ మేడమ్ వెనక్కి ఇచ్చింది బహుశా ఇందుకే. క్రమాంకం 1.03 వచ్చి ఉంటే ఈ లెక్క చూపించి 1 అని రాసెయ్యవచ్చు, ఎవరూ అడగరు. ఇక్కడ మీ రీడింగులు ఎంత నిలకడగా ఉన్నాయంటే, ఆ నిలకడే తేడా నిజమని చెబుతోంది.

ఇప్పుడు అనుమానితులు. ఒక్కొక్కదాన్నీ రెండు ప్రశ్నలతో పరీక్షించండి. అది క్రమాంకాన్ని పెంచుతుందా తగ్గిస్తుందా? పెంచితే, ఇంత పెంచగలదా? రెండింటికీ సరిపోని కారణాన్ని రికార్డులో రాయకండి.

మొదటి అనుమానం పద్ధతి పేరులోనే ఉంది. మనం కొలిచింది నిజంగా "తొలి" రేటేనా? క్లాక్ చర్యలో మనం ఏ క్షణపు రేటునూ చూడటం లేదు. థయోసల్ఫేట్ అంతా ఖర్చయ్యేదాకా పట్టిన సమయం మీద సగటు రేటు చూస్తున్నాం. ఆ వ్యవధిలో క్రియాజనకాలు పెద్దగా తగ్గకపోతేనే ఆ సగటు తొలి రేటుకి సమానం. మీ మిశ్రమంలో థయోసల్ఫేట్ 0.0010 M, కాబట్టి నీలం వచ్చేసరికి తయారైన అయొడిన్ 0.00050 M, ఖర్చైన పర్‌సల్ఫేట్ కూడా అంతే. మొదటి రన్‌లో పర్‌సల్ఫేట్ 0.040 M ఉంది కాబట్టి ఖర్చు 1.25 శాతం, మూడో రన్‌లో 0.020 M కాబట్టి 2.5 శాతం. అయొడైడ్ సంగతి ఇంకా హాయి. పుట్టిన అయొడిన్‌ని థయోసల్ఫేట్ వెంటనే తిరిగి అయొడైడ్‌గా మార్చేస్తుంది, అందుకే నీలం వచ్చేదాకా అయొడైడ్ గాఢత అసలు తగ్గదు. ఈ ప్రయోగంలో నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే ఏర్పాటు ఇదే.

ఈ కొద్ది ఖర్చు క్రమాంకాన్ని ఎంత కదిలిస్తుంది? మూడో రన్‌లో సగటు పర్‌సల్ఫేట్ మొదటి రన్‌తో పోలిస్తే అదనంగా 0.6 శాతం తగ్గుతుంది. క్రమాంకంలో అది 0.01 కూడా కాదు. 0.24కి ఇది కారణం కాలేదు. అయితే ఇదే ప్రయోగాన్ని పది రెట్లు గాఢమైన థయోసల్ఫేట్‌తో చేసి ఉంటే కథ మారేది. ఖర్చు 12.5 శాతం, 25 శాతం అయ్యేది. సమయాలు ఎక్కువ కాబట్టి కొలవడం తేలికయ్యేది, కానీ ఈ ఒక్క కారణం వల్లే పర్‌సల్ఫేట్ క్రమాంకం 1కి బదులు 1.11 వచ్చేది. కాబట్టి "నీలం వచ్చేలోపు పర్‌సల్ఫేట్ 2.5 శాతానికి మించి తగ్గలేదు, అందువల్ల కొలిచినవి తొలి రేట్లే" అనే వాక్యం మీ డిస్కషన్‌లో తప్పకుండా ఉండాలి. తొలి రేట్ల పద్ధతి వాడినవాళ్లు చూపించాల్సిన మొదటి రుజువు అది.

రెండో అనుమానం, నీలం కనబడ్డాక బటన్ నొక్కడంలో ఆలస్యం. ప్రతిసారీ అర సెకను ఆలస్యమైందనుకోండి. అసలు సమయాలు 35.5, 79.5 అవుతాయి, నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. అంటే ఆలస్యం క్రమాంకాన్ని తగ్గించి చూపిస్తుంది, మీకేమో ఎక్కువ వచ్చింది. దిశే తప్పు. మీరు రాసిన "మానవ తప్పిదం" ఇక్కడితో కొట్టివేత. నీళ్లలో రాగి, ఇనుము అయాన్ల ఆనవాళ్లు ఉన్నాయేమో అన్న అనుమానానికీ ఇదే గతి. అవి ఈ చర్యను వేగవంతం చేస్తాయి కాబట్టి, నీళ్లు ఎక్కువ కలిసిన రన్‌లు త్వరగా ముగిసి క్రమాంకం తగ్గి ఉండాలి.

మూడోది కాస్త గట్టి అనుమానం. KI ద్రావణం పాతదైతే గాలి తగిలి కొంత అయొడిన్ ముందే పుట్టి ఉంటుంది. అది కలిపిన వెంటనే థయోసల్ఫేట్‌లో కొంత తినేస్తుంది. మొదటి రన్‌లో KI 20 మి.లీ., రెండో రన్‌లో 10 మి.లీ. కాబట్టి మొదటి రన్‌లో రెట్టింపు తింటుంది, ఆ సమయం ఎక్కువగా కురచవుతుంది, అయొడైడ్ క్రమాంకం పెరుగుతుంది. దిశ సరిపోయింది. పరిమాణం చూద్దాం. అసలు 72 సెకన్లు రావలసిన చోట 80 వచ్చిందంటే 11 శాతం తేడా. ఇది రావాలంటే మొదటి రన్‌లో థయోసల్ఫేట్ దాదాపు 18 శాతం ముందే పోయి ఉండాలి. అందుకు KI స్టాక్‌లో అయొడిన్ 0.0002 M పైచిలుకు ఉండాలి. అంత ఉంటే ద్రావణం పసుపు రంగులో స్పష్టంగా కనిపిస్తుంది, స్టార్చ్ చుక్క వేస్తే చర్య మొదలుకాకముందే నీలం వస్తుంది. మీ KI రంగులేకుండా ఉందా లేదా అన్నది మీరే చెప్పాలి. కానీ ఇంతకంటే బలమైన వాదన ఒకటుంది. ఒకటో రన్‌లోనూ మూడో రన్‌లోనూ KI 20 మి.లీ.లే. కాబట్టి ఈ లోపం ఆ రెండింటినీ ఒకేలా తాకి కొట్టుకుపోతుంది. పర్‌సల్ఫేట్ క్రమాంకం 1.24ని ఇది వివరించలేదు. మీకు రెండు క్రమాంకాలూ పెరిగాయి, పైగా పర్‌సల్ఫేట్‌ది ఎక్కువ పెరిగింది. ఈ నమూనాని వివరించగలిగిన కారణమే అసలు కారణం.

నాలుగోది ఉష్ణోగ్రత. ఈ చర్య ఉత్తేజన శక్తి మోల్‌కి 50 కిలోజౌళ్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీ తేడాకి k దాదాపు 7 శాతం మారుతుంది. నీళ్లు కలిపిన రెండో రన్ ఒకటిన్నర డిగ్రీలు, మూడో రన్ రెండున్నర డిగ్రీలు చల్లగా ఉంటే మీ అంకెలు సరిగ్గా వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లు వాడితే తప్ప 10 మి.లీ. నీళ్లకి అంత శక్తి ఉండదు, పైగా రెండు రన్‌లలోనూ కలిపిన నీళ్లు సమానమే. ప్రతి రన్‌కీ ఉష్ణోగ్రత రాసి ఉంటే ఆ అంకెలు చూపించి దీన్ని ఒక్క వాక్యంలో తోసిపుచ్చండి. రాసి ఉండకపోతే "ఉష్ణోగ్రత నమోదు చేయలేదు, కాబట్టి ఈ కారణాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము" అని నిజాయితీగా రాయండి. దానివల్ల మార్కులు పోతాయని భయపడకండి. పోతే రాయకపోవడం వల్ల పోతాయి.

ఇక మిగిలింది నీళ్లు. KI సగం చేసినప్పుడు మొత్తం 50 మి.లీ. కావాలని ఆ ఖాళీని నీళ్లతో నింపారు. గాఢత లెక్కకి అది సరిపోతుంది. కానీ బీకరులో అయొడైడ్ ఒక్కటే తగ్గలేదు, మొత్తం అయాన్లే తగ్గాయి. అంటే ద్రావణం అయానిక బలం మారింది. ఇక్కడ చర్యలో పాల్గొనే రెండూ ఋణావేశ అయాన్లే: పర్‌సల్ఫేట్‌కి 2−, అయొడైడ్‌కి 1−. ఒకదాన్నొకటి నెట్టుకునే ఈ రెండూ దగ్గరకి రావాలి. చుట్టూ ఇతర అయాన్లు ఎక్కువ ఉంటే, ముఖ్యంగా ధనావేశ అయాన్లు గుమిగూడితే, ఆ వికర్షణ కొంత కప్పబడుతుంది, చర్య వేగం పెరుగుతుంది. అయాన్లు పలచబడితే తగ్గుతుంది. దీన్నే ప్రాథమిక లవణ ప్రభావం అంటారు. 1920ల్లో బ్రాన్‌స్టెడ్, బ్యెరూమ్ దీనికి సిద్ధాంతం ఇచ్చారు. మీ రన్‌లలో k స్థిరంగా లేదు. గాఢతతోపాటు అదీ తగ్గింది, ఆ రెండు తగ్గుదలలనీ కలిపి మీరు క్రమాంకం ఖాతాలో వేశారు.

ఇది ఊహ మాత్రమే కాదని లెక్కతో చూపించవచ్చు. అయానిక బలానికి KI మోలారిటీకి సమానంగా, అమ్మోనియం పర్‌సల్ఫేట్ మోలారిటీకి మూడు రెట్లు చేరుస్తుంది, ఎందుకంటే పర్‌సల్ఫేట్ ఆవేశం 2 వర్గం అయి 4గా లెక్కలోకి వస్తుంది. థయోసల్ఫేట్‌ది అన్నిటిలోనూ 0.003. కూడితే మీ మూడు రన్‌లలో అయానిక బలం వరుసగా 0.203, 0.163, 0.143 M. చూడండి, KI సగం చేస్తే తగ్గింది 0.04, పర్‌సల్ఫేట్ సగం చేస్తే తగ్గింది 0.06. పర్‌సల్ఫేట్ క్రమాంకం ఎక్కువ పెరగడానికి కారణం ఇక్కడే కనబడుతోంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటిలో వాడే సూత్రం ఇది. ఇందులో I అయానిక బలం, zA, zB చర్యలో కలిసే రెండు అయాన్ల ఆవేశాలు, k0 అయానిక బలం సున్నా అయినప్పటి k:

```
log k = log k0 + 1.02 · zA · zB · √I / (1 + √I)
```

zA·zB విలువ (−2)(−1) = +2. ఒకటో రన్‌లో √I/(1+√I) విలువ 0.311, రెండోదానిలో 0.288, మూడోదానిలో 0.274. దీని ప్రకారం ఒకటో రన్‌లోని k రెండో రన్‌లోని దానికంటే 1.11 రెట్లు, మూడో రన్‌లోని దానికంటే 1.19 రెట్లు ఉండాలి. మీ సమయాల్లో ఉన్న మిగులు ఎంత? అసలు క్రమాంకం 1 అయితే రెండు చోట్లా 72 సెకన్లు రావాలి. మీకు వచ్చినవి 80, 85. అంటే 1.11 రెట్లు, 1.18 రెట్లు. దిశ సరిపోయింది, పరిమాణం సరిపోయింది, రెండింటి మధ్య తేడా కూడా సరిపోయింది. మిగతా అనుమానితుల్లో ఒక్కటీ ఈ మూడు పరీక్షలూ దాటలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ సూత్రం బాగా పలచని ద్రావణాలకి పుట్టింది. 0.2 M దగ్గర అది అంచనాకి మాత్రమే పనికొస్తుంది, మీ ద్రావణాల్లో అంత చక్కగా కలిసిందంటే కొంత అదృష్టం కూడా ఉంది. కాబట్టి దీంతో k విలువలని సవరించి "సవరించిన క్రమాంకం 1.00" అని రాయవద్దు. "ఈ పరిమాణంలో, ఈ దిశలో ప్రభావం ఉండి తీరాలి" అని చెప్పడానికి మాత్రమే వాడండి. కొందరు తెలివైన విద్యార్థులు దీన్ని తిరగేసి, మిగులు నుంచి zA·zB లెక్కవేస్తారు. మీ అంకెలతో 1.95 దాకా వస్తుంది కూడా. కానీ సెకను అనిశ్చితిని దానిలోకి తెస్తే ± 0.5 ఉంటుంది. దాంతో అది 2 అని గానీ 1.5 అని గానీ తేల్చి చెప్పలేం. ఆ లెక్క చేయాలని ఉంటే, రెండు క్రియాజనకాల గాఢతలూ కదల్చకుండా, పొటాషియం నైట్రేట్ మాత్రం పెంచుకుంటూ అయిదారు రన్‌లు వేరే చేయాలి.

మీ పట్టికలోనే ఈ సంగతిని పసిగట్టే దారి ఇంకొకటుంది, అదే నేను విద్యార్థులకి మొదట చూపించేది. క్రమాంకాలు 1, 1 అని పెట్టుకుని ప్రతి రన్‌కీ k లెక్కవేయండి. ఒకటో రన్ రేటు 0.00050/36, అంటే సెకనుకి 1.39 × 10⁻⁵ M, దాన్ని 0.080 × 0.040తో భాగిస్తే k = 4.34 × 10⁻³ M⁻¹ s⁻¹. రెండో రన్‌కి 3.91 × 10⁻³, మూడోదానికి 3.68 × 10⁻³. యాదృచ్ఛిక లోపమైతే ఇవి అటూ ఇటూ చెదిరి ఉండేవి. ఇవి అయానిక బలం తగ్గిన వరుసలోనే తగ్గాయి. మీరు ఈ మూడింటికీ సగటు తీసి 3.98 × 10⁻³ అని రాసి ఉంటే అది కొట్టేయండి. మూడు వేర్వేరు పరిస్థితుల్లోని మూడు k లకి సగటు ఏ పరిస్థితికీ చెందదు. "అయానిక బలం 0.20 M దగ్గర k = 4.3 × 10⁻³ M⁻¹ s⁻¹" అని ఒకటో రన్‌ది మాత్రం, పరిస్థితితో సహా ఇవ్వండి. అలాగే 1.15, 1.24 ఘాతాలుగా పెట్టి k తీయకండి. అలా తీసిన k కి వచ్చే ప్రమాణాలు చూస్తేనే అందులో అర్థం లేదని తెలుస్తుంది.

చర్యా విధానం గురించి ఒక పేరా చాలు. తుల్య సమీకరణంలో ఒక పర్‌సల్ఫేట్‌కి రెండు అయొడైడ్‌లు ఖర్చవుతాయి; రేటు మాత్రం అయొడైడ్ మొదటి ఘాతం మీదే ఆధారపడింది. కాబట్టి రెండో అయొడైడ్ చేరేది నిదానమైన మెట్టు దాటాకే. నిదానమైన మెట్టులో ఒక పర్‌సల్ఫేట్ అయాను, ఒక అయొడైడ్ అయాను కలుస్తాయని చెప్పడానికి మీ ఫలితం అనుకూలంగా ఉంది. "అనుకూలంగా ఉంది" అనే రాయండి, "నిరూపించింది" అనకండి. ఇదే రేటు నియమాన్ని ఇచ్చే వేరే మెట్ల వరుసలూ ఉండవచ్చు. అయితే మీ పొరపాటు ఇక్కడ మీకు ఒక సాయం చేసింది. అయాన్లు పలచబడితే చర్య నెమ్మదించడం అనేది నిదానమైన మెట్టులో ఒకే రకం ఆవేశం ఉన్న రెండు అయాన్లు కలుస్తున్నాయనడానికి క్రమాంకంతో సంబంధం లేని వేరే సాక్ష్యం. అయొడైడ్ ఆవేశంలేని అణువుతో కలిసే మెట్టు అయితే ఈ ప్రభావం దాదాపు కనబడదు. దీన్ని తప్పకుండా ప్రస్తావించండి.

రికార్డులో ఈ భాగం ఇలా ఉండవచ్చు. మాటలు మీవి పెట్టుకోండి, వరుస మాత్రం ఇది:

"లెక్కించిన క్రమాంకాలు అయొడైడ్‌కి 1.15 ± 0.04, పర్‌సల్ఫేట్‌కి 1.24 ± 0.04. నీలం వచ్చేలోపు పర్‌సల్ఫేట్ ఖర్చు 2.5 శాతానికి మించలేదు, కాబట్టి కొలిచినవి తొలి రేట్లుగా తీసుకోవచ్చు. 1 నుంచి విచలనం సమయ అనిశ్చితి కంటే చాలా ఎక్కువ. సమయం నమోదులో ఆలస్యం క్రమాంకాన్ని తగ్గిస్తుంది, KI లో అయొడిన్ ఉంటే అయొడైడ్ క్రమాంకాన్ని మాత్రమే పెంచుతుంది. గమనించినది రెంటికీ పెరుగుదల. గాఢతలు తగ్గించడానికి నీరు వాడినందువల్ల అయానిక బలం 0.203 నుంచి 0.163, 0.143 Mకి పడిపోయింది. ఒకే రకం ఆవేశం గల అయాన్ల మధ్య చర్యకు దీనివల్ల k 1.11, 1.19 రెట్లు తగ్గుతుందని అంచనా, గమనించినవి 1.11, 1.18 రెట్లు. కాబట్టి ఫలితాలు రెండు క్రియాజనకాల్లోనూ ప్రథమ క్రమాంకానికి అనుగుణంగా ఉన్నాయి, విచలనం లవణ ప్రభావం వల్ల వచ్చినదిగా భావిస్తున్నాము. అయానిక బలాన్ని స్థిరంగా ఉంచి మళ్లీ చేస్తే ఇది తేలుతుంది."

చివరి వాక్యం రాశాక అవకాశం దొరికితే అది చేసి చూపించండి, అరగంట పని. నీళ్లకి బదులు రెండో రన్‌లో 0.20 M పొటాషియం నైట్రేట్ 10 మి.లీ., మూడో రన్‌లో 0.10 M అమ్మోనియం సల్ఫేట్ 10 మి.లీ. వాడండి. తీసేసిన లవణానికి సరిజోడు లవణం పెడుతున్నాం: KI స్థానంలో ఒకటి–ఒకటి ఆవేశాల లవణం, పర్‌సల్ఫేట్ స్థానంలో రెండు ఆవేశాల సల్ఫేట్. కాటయాన్‌ని కూడా అదే ఉంచడం ఊరికే కాదు. ఈ చర్యమీద అయానిక బలంతోపాటు కాటయాన్ ఏ రకమన్న దాని ప్రభావం కూడా కొంత ఉంటుంది, కాబట్టి పొటాషియం పోయిన చోట పొటాషియం, అమ్మోనియం పోయిన చోట అమ్మోనియమే రావాలి. నేను చెప్పిన కారణం సరైనదైతే రెండు రన్‌లలోనూ 72 సెకన్ల దగ్గర నీలం రావాలి.

ఇంకొక్క రన్ కూడా చేర్చండి: KI 5 మి.లీ., పొటాషియం నైట్రేట్ 15 మి.లీ., పర్‌సల్ఫేట్ 20 మి.లీ. ఇది 144 సెకన్ల దగ్గర ముగియాలి. గాఢతని నాలుగో వంతుకి తెచ్చారు కాబట్టి ఒకటో రన్‌తో పోల్చినప్పుడు ln 2కి బదులు ln 4తో భాగిస్తారు, అదే ఒక్క సెకను అనిశ్చితితో క్రమాంకంలో లోపం 0.04 నుంచి 0.02కి దిగుతుంది. ప్రతి రన్‌కీ ముందు రెండు ద్రావణాల ఉష్ణోగ్రత రాసుకోండి, KI సీసాని తెల్లకాగితం ముందు పెట్టి రంగు చూడండి. ఇవన్నీ చేశాక కూడా 80 దగ్గరే ఆగితే నా వివరణ తప్పు. అప్పుడు ఆ ఉష్ణోగ్రతలూ అంకెలూ ఇక్కడ పెట్టండి, మళ్లీ చూద్దాం.